5జీ గుర్తు ఉంది, గీతలు నిండుగా ఉన్నాయి, వేగం మాత్రం ముప్పై దాటదు: తప్పు ఎక్కడుందో కనిపెట్టడం

సమస్య

బెంగళూరు కుందలహళ్ళిలో మా బావమరిది ఇల్లు మూడో అంతస్తులో ఉంది. వెనక పడగ్గదిలో బల్ల వేసుకుని ఇంటి నుంచే పని చేస్తాడు. కిటికీ తీస్తే పక్కనున్న పీజీ గోడ చేతికి అందేంత దగ్గర. ఈ ఊళ్లో అద్దె ఇల్లు వెతికినవాళ్లకు ఇదేం వింత కాదు. నేను నెట్‌వర్క్ టెస్టింగ్‌లో పని చేస్తానని తెలుసు కాబట్టి, ఆదివారం భోజనానికి పిలిచి విస్తరి ఎత్తకముందే ఫోన్ చేతిలో పెట్టాడు.

"బావా, 5జీ అనే చూపిస్తోంది. గీతలూ నిండుగా ఉన్నాయి. రెండు జీబీ ఫైల్ దిగడానికి తొమ్మిది నిమిషాలు పడుతోంది. ప్లాన్ కూడా మార్చి చూశాను."

స్పీడ్ టెస్ట్ పెడితే 31 ఎంబీపీఎస్ వచ్చింది. లెక్క సరిపోయింది, ఆ వేగానికి రెండు జీబీ అంటే దాదాపు తొమ్మిది నిమిషాలే. అసలు విచిత్రం వంటింట్లోంచి వచ్చింది. వాళ్లావిడది కూడా అదే కంపెనీ సిమ్, అదే ప్లాన్. ఆ ఫోన్‌ను అదే బల్ల మీద పెట్టి చూస్తే 190. "ఈయన ఫోనే ఖరీదైంది అన్నయ్యా" అని ఆవిడ నవ్వింది.

ముందు: మీ 5జీ ఏ రకమో చూడండి

గుర్తు ఒకటే అయినా దాని వెనక రెండు రకాల నెట్‌వర్కులు ఉంటాయి. మన దేశంలో 2022 అక్టోబరు 1న సేవలు మొదలైనప్పుడే కంపెనీలు రెండు దారులు పట్టాయి. ఒక దారి స్టాండలోన్, అంటే ఎస్ఏ. ఫోన్ నేరుగా 5జీ టవర్‌తోనే మాట్లాడుతుంది, 4జీతో పని లేదు. రెండోది నాన్‌స్టాండలోన్, ఎన్ఎస్ఏ. ఫోన్ 4జీని పట్టుకునే ఉంటుంది, డేటా ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడు పక్కనే 5జీని కలుపుకుంటుంది. 4జీ తెగితే 5జీ కూడా తెగినట్టే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో డయలర్ తెరిచి ఇది కొట్టండి:

```
*#*#4636#*#*
```

వచ్చిన తెరలో ఫోన్ సమాచారం నొక్కితే `Data Network Type` అనే వరుస ఉంటుంది. అక్కడ `NR` అని ఉంటే ఎస్ఏ. `LTE` అని ఉండి, కింద `NR State` ఎదుట `CONNECTED` అని ఉంటే ఎన్ఎస్ఏ, 5జీ కలిసే ఉంది. కొన్ని ఫోన్లలో ఈ నంబరు పని చేయదు. శాంసంగ్‌లో `*#0011#`, ఐఫోన్‌లో `*3001#12345#*` కొట్టి చూడాలి. ఏ బ్యాండ్ మీద, అంటే ఏ తరంగం మీద ఉన్నారో చూడటానికి ఆండ్రాయిడ్‌లో నేను `NetMonster` అనే యాప్ వాడతాను. లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే అది ఏమీ చూపించదు.

మా బావమరిది ఫోన్‌లో `NR` వచ్చింది, అంటే ఎస్ఏ. బ్యాండ్ చూస్తే `n28`. వాళ్లావిడ ఫోన్‌లో ఫైల్ దిగుతున్నంతసేపూ `n28`, `n78` రెండూ కనబడ్డాయి. చిక్కుముడి సగం అక్కడే వీడింది.

కారణం

`n28` అంటే 700 మెగాహెర్ట్జ్ తరంగం. గోడలు దాటుతుంది, దూరం పోతుంది. కానీ ఇరుకు దారి. ఇక్కడ వాడేది 10 మెగాహెర్ట్జ్ వెడల్పు. టవర్ కిందే నిలబడి, ఆ దారి మొత్తం మీ ఒక్కరికే ఇచ్చినా 110 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. వీధిలో వాళ్లందరూ అందులోనే పోతుంటారు కాబట్టి ముప్పై రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. `n78` అంటే 3300 మెగాహెర్ట్జ్ ప్రాంతం. వెడల్పు దాదాపు 100 మెగాహెర్ట్జ్, అంటే పదింతలు. కానీ గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. లోహపు పూత ఉన్న కిటికీ అద్దమైతే మరీ ఘోరం, సిగ్నల్‌ను నూరో వంతుకు దించగలదు.

గీతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అవి ఫోన్ పట్టుకున్న బ్యాండ్ బలాన్ని చూపిస్తాయి తప్ప దారి వెడల్పును కాదు. ఆ గదిలో `n28` బలం, తెర మీద `RSRP` అని కనబడే అంకె, మైనస్ 84. అది బాగా ఉన్నట్టే, అందుకే గీతలు నిండాయి. `n78`ది మైనస్ 112, బాగా నీరసం.

మరి అంత నీరసంగా ఉన్న `n78` మీద రెండో ఫోన్‌కు 190 ఎలా వచ్చింది? నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో తెలుసుకోవాల్సింది ఇదొక్కటే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

టవర్ వంద, రెండు వందల వాట్లతో అరవగలదు. ఫోన్ గొంతు మామూలుగా వాటులో అయిదో వంతు. అంటే టవర్ మాట గదిలోకి ఎలాగోలా వినబడుతుంది, గదిలోంచి ఫోన్ చెప్పే జవాబు మాత్రం టవర్ దాకా చేరదు. పైగా `n78`లో దిగడం, ఎక్కడం ఒకే తరంగం మీద వంతులవారీగా జరుగుతాయి. ఎక్కే వంతుకు దొరికేది దాదాపు నాలుగో భాగం సమయమే. జవాబు అందకపోతే డౌన్‌లోడ్ కూడా ఆగిపోతుంది, ఎందుకంటే వచ్చిన ప్రతి ముక్కకూ "అందింది" అని ఫోన్ తిరిగి చెప్పాలి. అంటే గది లోపల `n78`లో ముందుగా చచ్చేది అప్‌లోడ్. అది చచ్చాక ఆ బ్యాండ్ మీద ఫోన్‌ను ఉంచి లాభం లేదని నెట్‌వర్క్ దాన్ని `n28`కు దించేస్తుంది.

రెండు బ్యాండ్లను ఒకేసారి పట్టుకునే క్యారియర్ అగ్రిగేషన్ చేసే సాయం ఇక్కడే. రెండు బ్యాండ్లను కలిపితే వేగాలు కూడతాయి అని అందరూ చెప్పేది నిజమే. కానీ ఇంటి లోపల అసలు లాభం ఆ కూడిక కాదు. జవాబులన్నీ గోడలు దాటే `n28` మీద పంపి, దిగేది మాత్రం వెడల్పైన `n78` మీద తెచ్చుకోవచ్చు. వాళ్లావిడ ఫోన్ చేస్తున్నది అదే. మా వాడి ఫోన్‌కు `n28` తెలుసు, `n78` తెలుసు, రెండింటినీ ఒకేసారి పట్టుకోవడం తెలియదు. అందుకే ఏదో ఒకటి ఎంచుకోవాలి, గదిలో ఎంచుకోగలిగింది ఇరుకుదే.

ఇదే మాట పట్టుకుని ఎన్ఎస్ఏను చూస్తే ఒక తమాషా ఉంది. అక్కడ ఎక్కే డేటా 4జీ మీద పోవచ్చు కాబట్టి, ఇంటి మూలల్లో ఎన్ఎస్ఏ ఫోన్ ఒక్కోసారి ఎస్ఏ ఫోన్ కంటే వేగంగా నడుస్తుంది. "ఎస్ఏ అంటే అసలైన 5జీ, ఎన్ఎస్ఏ అంటే ఉత్తిత్తి 5జీ" అనేవాళ్ల మాట నేను అంతగా లెక్కచేయను.

నిర్ధారణ చేసుకోవడం

ఫోన్ పట్టుకుని ముందువైపు బాల్కనీలోకి నడిచాం. పది సెకన్లు గడవకముందే బ్యాండ్ `n28` నుంచి `n78`కు మారింది, బలం మైనస్ 88. స్పీడ్ టెస్ట్ 480. అదే ఫోన్, అదే సిమ్, పదిహేను అడుగుల తేడా. అంటే ప్లాన్ తప్పు కాదు, టవర్ తప్పు కాదు. మళ్లీ గదిలోకి రాగానే `n28`, 33.

మీ దగ్గర బ్యాండ్ చూసే వీలు లేకపోతే ఒక గుర్తు: ఎస్ఏ సిమ్‌తో ఒకే చోట రోజంతా ఎప్పుడు పరీక్షించినా వంద దాటకపోతే 700 మీద అనుమానం పెట్టుకోండి. కొన్ని ఫోన్లు కలిసిన రెండో బ్యాండును `NetMonster`కు అందించవు. అప్పుడు వేగమే సాక్ష్యం: 110 బాగా దాటిందంటే ఫోన్ `n28` ఒక్కదాని మీదే లేనట్టు.

ఏం చేయవచ్చు

మొదట ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. హార్డ్‌వేర్‌లో శక్తి ఉండి, తయారీదారు ఆలస్యంగా తెరిచే సందర్భాలు ఉన్నాయి. ఐఫోన్‌లో సెల్యులార్ సెట్టింగులలో `5G Standalone` అనే మీట కనబడితే అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. బేస్‌మెంట్ పార్కింగ్ నుంచో లిఫ్ట్ నుంచో వచ్చాక వేగం పడిపోతే ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీయండి. ఫోన్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటుంది. బయట గాలి తగిలే చోట ఇది పని చేస్తుంది. మూల గదిలో మళ్లీ అక్కడికే వస్తుంది.

4636 తెరలోని `NR only` జోలికి మాత్రం పోకండి. అది 5జీని బలవంతం చేస్తుంది తప్ప బ్యాండును కాదు. ఎన్ఎస్ఏ సిమ్‌కైతే సిగ్నలే పోతుంది. ఎస్ఏ సిమ్‌కు కూడా, 5జీ మీద వాయిస్ లేని ఫోన్ అయితే కాల్స్ రావు. చాలామంది వేసి మర్చిపోయి, రెండు రోజుల తర్వాత సిమ్ పాడైందని షాపుకు పోతారు.

మా వాడికి అప్‌డేట్ ఏమీ రాలేదు. కొత్త ఫోన్ కొనమనడానికి నాకు మనసొప్పలేదు. సిమ్‌ను ఇంట్లో మూలన పడున్న పాత 5జీ ఫోన్‌లో వేసి, బాల్కనీ తలుపు పక్క అరలో పెట్టి, 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెట్టాం. గదిలో ల్యాప్‌టాప్‌కు 260 వచ్చింది. ఎండ తగిలితే ఫోన్ వేడెక్కిపోయి వేగం తగ్గించుకుంటుంది, అందుకే నీడ చూసి పెట్టాం. కాల్స్‌కు వాడి జేబులో రెండో సిమ్ ఉంది.

ఎన్ఎస్ఏ సిమ్‌లో ఇలాంటి సమస్యే వస్తే

కారణం వేరు. ఎన్ఎస్ఏలో 5జీ గుర్తు వెలగడానికి 5జీ తగలాల్సిన పని లేదు. "ఈ చుట్టుపక్కల 5జీ ఉండొచ్చు" అని 4జీ టవర్ ఒక చిన్న సంకేతం పంపితే చాలు, చాలా ఫోన్లు గుర్తు వెలిగించేస్తాయి. అందుకే పెద్ద ఫైల్ ఏదైనా దింపుతూనే `NR State` చూడాలి. అప్పుడూ `NOT_RESTRICTED` అనే ఉండిపోతే మీరు నడిపిస్తున్నది 4జీయే. స్పీడ్ టెస్ట్ ముల్లు రెండు సెకన్లు 30 దగ్గర తచ్చాడి ఒక్కసారిగా 300కు ఎగిరితే అది మామూలే, 5జీ అప్పుడు కలిసింది. ఎగరనే ఎగరకపోతే ఫోన్ పట్టుకున్న 4జీ బ్యాండుతో `n78` జత కుదరడం లేదు, లేదా `n78` అక్కడికి చేరడమే లేదు. నాలుగడుగులు వేసి కిటికీ దగ్గర చూస్తే ఏదో తేలిపోతుంది.

`n78` కలిసి, బలం మైనస్ 90 కంటే మెరుగ్గా ఉండి కూడా రాత్రి తొమ్మిదికి నలభై, తెల్లవారి అయిదుకు నాలుగు వందలు వస్తే అది రద్దీ. దానికి ఇంట్లో మందు లేదు.

కొత్త ఫోన్ కొనేటప్పుడు పెట్టె మీద `n28`, `n78` రెండూ రాసి ఉన్నాయని సంతోషించకండి. రెండూ కలుస్తాయో లేదో పెట్టె మీద రాయరు. అదే మోడల్ వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లింటి లోపలి గదిలో ఒక వీడియో దింపిస్తూ `NetMonster`లో ఎన్ని బ్యాండ్లు కనబడుతున్నాయో చూడండి.