సీలు వేసే ముందు 17-సి ఎక్కడుందో చూసుకోండి: ప్రిసైడింగ్ అధికారులకు సామగ్రి జాగ్రత్తలు

గత ఎన్నికల రాత్రి నేను రిసెప్షన్ కౌంటరులో కూర్చున్నాను. దాదాపు పదకొండున్నరకు ఒక పోలింగ్ బృందం వచ్చింది. యంత్రాల పెట్టెలకు లక్క సీళ్లు చక్కగా పడ్డాయి, అడ్రస్ ట్యాగులు వరుసగా వేలాడుతున్నాయి, కవర్లన్నీ కట్టగట్టి ఉన్నాయి. “ఓట్ల లెక్క ఫారం, 17-సి ఇవ్వండి సార్” అన్నాను. ప్రిసైడింగ్ అధికారి సంచీ అంతా వెతికి, చివరికి సీలు వేసిన స్టాట్యూటరీ కవర్ల కట్ట వైపు చూసి, “లోపల పెట్టేశామండీ” అన్నారు. పొద్దున ఐదింటికి మాక్ పోల్ ఏర్పాట్లు మొదలుపెట్టిన మనిషి ఆయన. సీలు విప్పే అధికారం ఆయనకూ లేదు, నాకూ లేదు. విషయం రిటర్నింగ్ అధికారి వరకు వెళ్లి, రాతపూర్వక వివరణ ఇచ్చి, ఆ బృందం బయటపడేసరికి తెల్లవారుజాము అయింది. సామగ్రి జాబితాలోని ప్రతి వస్తువూ ఆయన దగ్గర ఉంది, కానీ ఒక కాగితం ఉండకూడని చోట ఉంది.

అందుకే జాబితాలో ఉన్నవన్నీ తీసుకున్నారా లేదా అన్నది ఇక్కడ ప్రస్తావించడం లేదు, డిస్ట్రిబ్యూషన్ సెంటరులో అందరూ సరిచూసుకునేవే అవి. ఎక్కువమందిని ఇబ్బందుల్లో పడేసిన తప్పు సాయంత్రం జరుగుతుంది. బయట చేతిలో ఉండవలసిన కాగితం సీలు వేసిన కవరులోకి పోవడమే ఆ తప్పు.

నమోదైన ఓట్ల లెక్కను తెలిపే 17-సి ఫారాన్ని విడి కవరులో పెట్టి, దానిపై “నమోదైన ఓట్ల లెక్క” అని రాయాలని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 49-ఎస్ చెబుతున్నది. మార్కు చేసిన ఓటర్ల జాబితా, 17-ఏ రిజిస్టరు, టెండర్డ్ బ్యాలెట్ పత్రాలు, 17-బి జాబితా, చాలెంజ్ చేసిన ఓట్ల జాబితా వంటివి వేర్వేరు ప్యాకెట్లుగా సీలు చేయాలన్న మాట 49-యు లో వేరుగా ఉంది. ఈ రెండు నిబంధనల మధ్య తేడాను సాయంత్రపు అలసటలో మరచిపోవడం వల్లనే ఈ చిక్కంతా వస్తున్నది. 17-సి, ప్రిసైడింగ్ అధికారి డిక్లరేషన్, డైరీ, ఈ మూడూ కౌంటరులో చేతికి చేతిగా ఇవ్వవలసినవి. వాటిని మిగతా కాగితాల మధ్య బల్లపై పరచి ఉంచకుండా, ఉదయమే ఒక విడి ఫోల్డరులో పెట్టి మీ పక్కనే ఉంచుకోండి.

ఇక లెక్క విషయం. ఒక కేంద్రంలో 17-ఏ లో 712 మంది నమోదయ్యారని అనుకుందాం. వారిలో ఒకరు సంతకం చేసిన తర్వాత ఓటు వేయనన్నారు, మరొకరు ఓటు రహస్యాన్ని పాటించనందున ఓటు వేయనివ్వలేదు. అప్పుడు కంట్రోల్ యూనిట్ 710 చూపాలి. అదే రోజు ఇద్దరికి టెండర్డ్ బ్యాలెట్ ఇచ్చారు. వారి పేర్లు 17-బి లోకి వెళతాయి కాబట్టి ఈ 710 లో వారు లేరు. చాలామంది ఈ ఇద్దరినీ కలిపి 712 అని చూపి, లెక్క కుదిరిందని సంతోషిస్తారు. ఆ సంతోషం కౌంటింగు రోజు వరకే ఉంటుంది. లెక్క కుదరకపోతే కుదరలేదని రాయండి. దిద్దిన అంకె కంటే ఒప్పుకున్న తేడా మీకు మంచిది.

అదే ఫారంలో పేపర్ సీళ్ల లెక్క కూడా ఉంటుంది, అందరూ చిన్నచూపు చూసే భాగమది. 451 నుంచి 454 వరకు నాలుగు ఆకుపచ్చ పేపర్ సీళ్లు మీకు ఇచ్చారనుకోండి. అతికించేటప్పుడు 451 చిరిగింది, 452 వాడారు, 453, 454 మిగిలాయి. ఫారంలో ఒకటి వాడినట్టు, ఒకటి పాడైనట్టు, రెండు తిరిగి ఇచ్చినట్టు వరుస సంఖ్యలతో సహా రాయాలి. చిరిగిన ముక్కను చెత్తబుట్టలో వేయకండి, దాన్ని కూడా అప్పగించవలసి ఉంటుంది. కనబడని సీలుకు జవాబు చెప్పవలసింది మీరే.

పోలింగు చివర ఆఖరి ఓటరు వెళ్లిన తర్వాతి క్రమం ఇది. ముందు క్లోజ్ బటన్ నొక్కండి. యంత్రం చూపే మొత్తం ఓట్ల అంకెను నోటు చేసుకోండి. 17-సి రాయండి. హాజరైన ప్రతి ఏజెంటుకు ధృవీకరించిన ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. డిక్లరేషన్ లోని పోలింగు ముగింపు భాగాన్ని పూర్తి చేయండి. అప్పుడు, అప్పుడు మాత్రమే, యంత్రాలను ఆపి పెట్టెల్లో పెట్టి సీలు వేయండి. 17-సి రాయకముందే పెట్టెలు కట్టిపెడితే, అంకె ఒక్కటి గుర్తులేకపోయినా మళ్లీ యంత్రం తీయవలసివస్తుంది. లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగించే ముందే 17-సి కవరును ఎదురుగా పెట్టుకుని అసిస్టెంట్ ప్రిసైడింగ్ అధికారికి చూపించండి. అది కనబడకపోతే సీలు వేయకండి.

కంట్రోల్ యూనిట్ స్విచ్ ఆపిన తర్వాతే కేబుళ్లు తీయాలి, లాగకూడదు. వీవీప్యాట్ బ్యాటరీ తీసేయాలి, పేపర్ రోల్ లాక్‌ను ప్రయాణ స్థితిలోకి తిప్పాలి. ప్రతి పెట్టె ట్యాగుపై నియోజకవర్గం, కేంద్రం సంఖ్య, పోలింగు తేదీ, ఆ యూనిట్ సంఖ్య ఉండాలి. ట్యాగు సంఖ్యను పెట్టెపై ఉన్న సంఖ్యతో ఒకరు చదవగా మరొకరు సరిచూడండి. తాము రాసిన తప్పు రాసినవారి కంట పడదు.

మాక్ పోల్ వీవీప్యాట్ స్లిప్పుల నల్ల కవరు వేరుగా ఉండాలి. అది అసలు స్లిప్పులతో కలిస్తే దాన్ని సరిదిద్దే దారి లేదు.

17-ఏ సీలు వేసేముందు చివరి సంతకం కింద గీత గీసి సంతకం చేయండి. ఓటరు స్లిప్పులను విసిరేయవద్దు. వాడని టెండర్డ్ బ్యాలెట్లు లెక్కపెట్టి వేరు కవరులో పెట్టండి. చెరగని సిరా సీసా మూత బిగించి మైనంతో మూయండి, లేదంటే అది సంచీలో ఒలికి కవర్లన్నిటికీ అంటుతుంది. మెటల్ సీలు జేబులో వేసుకోవద్దు, ఇంటికి పోయిన మెటల్ సీలు కోసం మరుసటి రోజు మనిషిని పంపిన సందర్భం చూశాను. బాణపు గుర్తు రబ్బరు ముద్రను స్టాంపు ప్యాడుతో కలిపి ఉంచండి. వాడని ట్యాగులు, స్ట్రిప్ సీళ్లు లెక్కపెట్టి ఇవ్వండి. ఓటింగు కంపార్టుమెంటు గదిలోనే వదిలి రావద్దు. బస్సు ఎక్కే ముందు కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్ పెట్టెలు ఎవరి చేతిలో ఉన్నాయో పేరు పెట్టి అడగండి. మధ్యలో ఎక్కడా ఆగవద్దు. 17-సి కవరు సంచీ అడుగున కాకుండా, మీ చేతిలో ఉండాలి. డైరీ కూడా అంతే. డిక్లరేషన్ కూడా అంతే.

కౌంటరులో ప్రతి వస్తువూ ఒక్కొక్కటిగా అప్పగించి, రసీదుపై ప్రతి పెట్టె సంఖ్య సరిగా పడిందని చదివాకే అక్కడి నుంచి కదలండి.