అప్పు లెక్క, 4వ పాఠం: వడ్డీకి సరిపోయింది, మరి అసలుకు?

గత పాఠంలో అంచనా లాభనష్టాల పట్టిక వేసుకున్నాం. ఇప్పుడు ఆ పట్టిక మీద రెండు లెక్కలు వేద్దాం. బ్యాంకు అధికారి ఎలాగూ వేస్తారు కాబట్టి, మనమే ముందు వేసి చూసుకుంటే మంచిది.

మన ఉదాహరణ వ్యాపారం కొత్త మెషిన్ కోసం 60 లక్షల టర్మ్ లోన్ అడగాలనుకుంటోంది. వడ్డీ 12 శాతం, మూడేళ్లలో తీర్చాలి. మెషిన్ వచ్చాక మొదటి ఏడాది అమ్మకాలు 200 లక్షలు. తరుగుదల 10 లక్షలతో సహా ఖర్చులన్నీ పోగా, వడ్డీకీ పన్నుకూ ముందు లాభం 30 లక్షలు. కొత్త లోన్ మీద వడ్డీ 7.2 లక్షలు, ఇప్పటికే ఉన్న క్యాష్ క్రెడిట్ మీద 4.8 లక్షలు, మొత్తం 12. లెక్క సులువుగా ఉండడానికి అసలును ఏడాది చివర ఒకేసారి కడుతున్నట్టు తీసుకున్నాను. నెలవారీ కిస్తీలైతే వడ్డీ కాస్త తగ్గుతుంది.

మొదటిది ఇంట్రెస్ట్ కవరేజ్. వడ్డీకీ పన్నుకూ ముందు లాభాన్ని మొత్తం వడ్డీతో భాగించడమే: 30 ÷ 12 = 2.5. కట్టాల్సిన వడ్డీకి రెండున్నర రెట్ల లాభం ఉందన్నమాట. బాగానే ఉంది. చాలామంది ఇక్కడితో లెక్క ఆపేసి ఫైలు పట్టుకుని బ్యాంకుకు బయల్దేరతారు.

రెండోది డీఎస్‌సీఆర్, అంటే వడ్డీతో పాటు అసలు కూడా కట్టగలమా అన్న లెక్క. 30లో 12 వడ్డీ తీసేస్తే 18. పన్ను 25 శాతం అనుకుంటే 4.5 పోయి 13.5 మిగులుతుంది. దీనికి తరుగుదల 10 తిరిగి కలపాలి. అది పుస్తకాల్లో ఖర్చే గానీ, ఆ డబ్బు చేతిలోంచి పోలేదు. టర్మ్ లోన్ వడ్డీ 7.2 కూడా కలిపితే 30.7. కట్టాల్సింది అసలు 20, వడ్డీ 7.2, కలిపి 27.2.

30.7 ÷ 27.2 = 1.13.

పైన వడ్డీ కలిపేటప్పుడు క్యాష్ క్రెడిట్ వడ్డీ కలపలేదు, గమనించారా? కింద కట్టాల్సిన వాటిలో దాన్ని వేయలేదు కాబట్టి పైన కూడా వేయకూడదు. పైన మాత్రం కలిపితే 1.13 కాస్తా 1.31 అయి కూర్చుంటుంది. పాత వాహన లోన్ లాంటిది ఉంటే దాని అసలు, వడ్డీ కూడా కింద చేరాలి. వీటిని వదిలేస్తే అంకె బాగా కనబడుతుంది, అంతే.

1.13 అంటే కట్టాల్సిన ప్రతి 100కీ చేతిలో 113 ఉన్నట్టు. బ్యాంకును బట్టి హద్దు మారుతుంది గానీ, ఏ ఏడాదైనా 1.2 దిగువకు వస్తే సాధారణంగా ప్రశ్నలు మొదలవుతాయి. ఆ ప్రశ్నలు ఎందుకో చూద్దాం. అమ్మకాలు 10 శాతం తగ్గాయనుకోండి. అమ్మకంలో 70 శాతం సరుకుతో పాటు మారే ఖర్చయితే, లాభం 30 నుంచి 24కు పడుతుంది. ఇంట్రెస్ట్ కవరేజ్ ఇంకా 2 ఉంటుంది. డీఎస్‌సీఆర్ మాత్రం 26.2 ÷ 27.2, అంటే 0.96. కిస్తీకి డబ్బు చాలదు.

ఇప్పుడు లోన్ గడువును ఐదేళ్లకు మార్చి చూడండి. అసలు ఏడాదికి 12 అవుతుంది, కట్టాల్సింది 19.2. డీఎస్‌సీఆర్ 1.60కి వస్తుంది, అమ్మకాలు 10 శాతం తగ్గినా 1.36 ఉంటుంది. మొదటి ఏడాది ఇంట్రెస్ట్ కవరేజ్ మాత్రం ముందూ 2.5, ఇప్పుడూ 2.5. గడువు మారిన సంగతి దానికి తెలియనే తెలియదు. అందుకే ఎంత అప్పు అన్న దానికంటే ఎన్నేళ్లకు అన్నదే ముందు తేల్చుకోమంటాను. ఐదేళ్లయితే మొత్తం వడ్డీ ఎక్కువవుతుంది, నిజమే. అయినా మూడేళ్ల టెన్షన్ కంటే నేను దాన్నే ఎంచుకుంటాను. మెషిన్ పనిచేసే కాలం మాత్రం లోన్ గడువు కంటే ఎక్కువ ఉండాలి.

ఈ 1.60ని కూడా పూర్తిగా నమ్మకండి. అమ్మకాలు 150 నుంచి 200 లక్షలకు పెరిగాయనీ, కొనేవాళ్లకు రెండు నెలల అరువు ఇస్తున్నారనీ అనుకుందాం. పెరిగిన 50 లక్షల అమ్మకంలో సుమారు 8 లక్షలు రావాల్సిన బాకీల్లో ఇరుక్కుంటాయి. లాభం పట్టికలో అది కనబడదు. ఆ 8 తీసేస్తే 22.7 ÷ 19.2 = 1.18. సరుకు ఇచ్చేవాళ్లు కూడా మీకు అరువు పెంచితేనో, క్యాష్ క్రెడిట్ పరిమితి పెరిగితేనో కొంత సర్దుకుంటుంది. లేకపోతే లాభాల్లో ఉండి కూడా కిస్తీ తప్పుతారు.

అభ్యాసం: రెండో ఏడాది అసలు 12 తీరిపోయి 48 లక్షల మీదే వడ్డీ పడుతుంది. మిగతా అంకెలన్నీ అలాగే ఉంచి, బాకీల సంగతి పక్కన పెట్టి, ఆ ఏడాది డీఎస్‌సీఆర్ కట్టండి. పన్ను కూడా మారుతుందని మరిచిపోకండి. జవాబు 1.71 దగ్గర రావాలి. మెషిన్ బిగించే నెలల్లో అమ్మకం లేకుండా వడ్డీ మాత్రం నడిచే సందర్భాన్ని 5వ పాఠంలో చూద్దాం.