కంపెనీ మునుగుతోందని తెలిశాక అరువు సరుకు ఆపడం ఎలా? డైరెక్టర్లు చేయాల్సిన పనులు

పర్లాకిమిడిలో లెక్కలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను: "సీజన్ పోతే ఏడాది పోతుంది, ఈ ఒక్కసారి అరువు మీద జీడి పిక్కలు దించుకుందాం, తర్వాత చూసుకుందాం." చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ వాళ్ళది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, ఆ ఒక్క కొనుగోలు సొంత ఇంటి మీదికి రావచ్చు. "లిమిటెడ్ కదా, అప్పు కంపెనీదే" అన్న ధైర్యం దివాలా కోడ్ 66వ సెక్షన్ దగ్గర ఆగిపోతుంది.

ఆ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. మొదటిది, అప్పులవాళ్ళను మోసం చేయాలనే ఉద్దేశంతో వ్యాపారం నడపడం. తెలిసి అందులో పాలుపంచుకున్న ఎవరైనా, డైరెక్టర్ కాకపోయినా, చిక్కుకుంటారు. రెండోదానికి మోసం అక్కర్లేదు. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళక తప్పదని డైరెక్టర్‌కు తెలిసినా, తెలిసి ఉండాల్సినా, అప్పులవాళ్ళకు నష్టం తగ్గించడానికి తగిన జాగ్రత్త తీసుకోకపోతే చాలు. "తెలిసి ఉండాల్సినా" అన్న మాట గుర్తుపెట్టుకోండి, లెక్కల పుస్తకం తెరవలేదన్న సాకు అక్కడ చెల్లదు.

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. జీడి ఫ్యాక్టరీ, ముగ్గురు డైరెక్టర్లు: తండ్రి, కొడుకు, సంతకాలకే పరిమితమైన కోడలు. మార్చి 31న బ్యాంకు బాకీ కోటిన్నర, పాతపట్నం, మందస వైపు పిక్కల వ్యాపారులకు 40 లక్షలు, తండ్రిగారి తమ్ముడు చేబదులిచ్చిన 25 లక్షలు. మొత్తం 2 కోట్ల 15 లక్షలు. మిషన్లు, సరుకు, రావాల్సిన డబ్బు నిజంగా అమ్ముడయ్యే ధరకు లెక్కేస్తే కోటీ 45 లక్షలు. అంటే లోటు 70 లక్షలు.

ముందు చేయాల్సింది ఈ లెక్కే. ఒక తెల్లకాగితం మీద ఒకవైపు వచ్చే 90 రోజుల్లో కట్టాల్సినవి తేదీల వారీగా, ఇంకోవైపు నిజంగా చేతికొచ్చే డబ్బు రాయండి. పెద్ద పార్టీ "పంపిస్తాం" అన్నంత మాత్రాన రాయకండి, ఆ పార్టీ గత మూడు బిల్లులు ఎన్ని రోజులకు కట్టిందో చూసి రాయండి. ఆడిటర్ బ్యాలెన్స్ షీట్ వచ్చేదాకా ఆగొద్దు, అది వచ్చేసరికి సీజన్ అయిపోతుంది. పాత వ్యాపారికి కట్టడానికి కొత్త వ్యాపారి సరుకు అమ్మిన డబ్బు వాడుతున్నారా, చెక్కులు వెనక్కొస్తున్నాయా, కూలీల పీఎఫ్ కట్టడం ఆగిందా? ఇందులో రెండు ఉన్నా ఆ కాగితం ఈరోజే రాయాలి.

లెక్క తేలిన రోజే ముగ్గురూ కూర్చుని బోర్డు మీటింగ్ పెట్టి, తేదీ వేసి, ఏం చూశారో, ఏం నిర్ణయించారో మినిట్స్‌లో రాసుకోండి. రేపు దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ వచ్చి "మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే. సంతకాలకే ఉన్న కోడలికి ఇది మరీ ముఖ్యం. ఆమెకు నిర్ణయం నచ్చకపోతే ఆ మాట మినిట్స్‌లో ఎక్కించమనాలి, మెయిల్ కూడా పంపాలి. రాజీనామా చేసి తప్పుకుంటే సరిపోతుందనుకుంటారు గానీ, ఉన్నన్నాళ్ళ సంగతికి జవాబుదారీ పోదు.

ఇక అసలు పని, అరువు ఆపడం. మన ఊహా కంపెనీ ఆపలేదు. ఏప్రిల్‌లో 80 కిలోల బస్తా 12,000 చొప్పున 400 బస్తాలు 45 రోజుల అరువుకు దించుకుంది. 48 లక్షలు. ఆత్రంగా పప్పు తీసి ఏ ధర వస్తే ఆ ధరకు అమ్మితే 46 లక్షలొచ్చాయి. అందులో 20 లక్షలు తమ్ముడికి వెళ్ళాయి, మిగతావి కూలీలకు, కరెంటుకు, బ్యాంకు వడ్డీకి. వ్యాపారులకు ఒక్క రూపాయి లేదు. జనవరిలో ప్రక్రియ మొదలయ్యేసరికి బ్యాంకుకు కోటీ 55, వ్యాపారులకు 88, తమ్ముడికి 5, కలిపి 2 కోట్ల 48 లక్షలు. ఆస్తి కోటీ 35కు తగ్గింది. లోటు కోటీ 13 లక్షలు. తెలిసిన రోజుకీ ఆగిన రోజుకీ మధ్య లోటు 43 లక్షలు పెరిగింది. డైరెక్టర్లు సొంత జేబులోంచి ఎంత కట్టాలని అడుగుతారో మీకు అర్థం కావడానికే ఇది చెప్తున్నాను. మన చట్టంలో ఖచ్చితమైన సూత్రం లేదు, ఈ కేసులు వినే కంపెనీ లా ట్రిబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ, తగినదనుకున్నంత వేస్తుంది, కానీ వాదన మొదలయ్యేది ఇలాంటి తేడా దగ్గరే.

అరువు పూర్తిగా నిషేధం కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫ్యాక్టరీలో 18 లక్షల పప్పు సిద్ధంగా ఉండి, డబ్బాలకు లక్షన్నర అరువు తీసుకుంటే అది నష్టం తగ్గించే కొనుగోలే. అయితే డబ్బాల వ్యాపారికి నిజం చెప్పండి, ఆ అమ్మకం డబ్బులోంచే ముందు ఆయనకు కట్టండి, ఎందుకు తీసుకున్నారో రాసిపెట్టుకోండి. మిగతా సరుకంతా రొక్కం మీదే.

ఇంట్లోవాళ్ళ బాకీ ముందు తీర్చకండి. దగ్గరి బంధువుకు, డైరెక్టర్‌కు ఇలా ఇచ్చినదాన్ని ప్రక్రియ మొదలైన తేదీ నుంచి రెండేళ్ళు వెనక్కి చూసి రద్దు చేయించవచ్చు. తమ్ముడు ఆ 20 లక్షలు తిరిగివ్వాల్సి వస్తే ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో ఆలోచించండి.

వాట్సాప్ సంగతి ఒక్కటి. ఏప్రిల్ 9న కొడుకు పాతపట్నం వ్యాపారికి "బాబాయ్, మే నెలాఖరుకు ఖాతా క్లియర్, బస్తాలు పంపించండి" అని పెట్టాడనుకోండి. అదే రోజు చిన్నాన్నకు "బ్యాంకోళ్ళు అకౌంట్ ఆపేస్తారు, ముందు మీ డబ్బు తీసేస్తాను" అని పెట్టాడు. రెండూ పక్కపక్కన పెడితే అది అజాగ్రత్త కాదు, మోసమే. 66లో మొదటి భాగం కిందికి వెళ్తుంది, నేరంగా కేసు పడి జైలు దాకా వెళ్ళే దారి కూడా వేరుగా ఉంది.

"ఏ వ్యాపారి బాకీ కోటి రూపాయలు లేదు, నన్నెవరు లాగుతారు?" అంటారు. నిజమే, 2020 మార్చి 24 నుంచి ఈ ప్రక్రియకు కనీస బాకీ కోటి. కానీ కోటిన్నర ఉన్న బ్యాంకు కటక్‌లోని ఎన్‌సీఎల్‌టీకి వెళ్తుంది, మన ఊహా కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఒడిశాలో ఉంది కాబట్టి. అందుకే డైరెక్టర్లే ముందు నిలబడాలి. బ్యాంకుతో మాట్లాడండి. కుదరకపోతే వాటాదార్లలో నాలుగింట మూడొంతుల ఓటుతో తీర్మానం చేసుకుని, దివాలా కోడ్ 10వ సెక్షన్ కింద కంపెనీయే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంఎస్‌ఎంఈ అయితే 10 లక్షల బాకీకే, అప్పులవాళ్ళతో ముందే ఒప్పందం కుదుర్చుకుని వెళ్ళే ప్రీ-ప్యాక్ దారి ఉంది.

పాతపట్నం వ్యాపారికీ ఒక మాట. దివాలా ప్రక్రియ మొదలైందన్న ప్రకటన పేపర్లో కనపడగానే ఫారం-బీ మీద క్లెయిమ్ వేయండి, బిల్లులతోపాటు ఆ ఏప్రిల్ 9 మెసేజ్ ప్రింట్ తీసి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఉత్తరం రాసి ఇవ్వండి. 66 కింద దరఖాస్తు పెట్టేది సాధారణంగా ఆయనే. డైరెక్టర్ కట్టే డబ్బు నేరుగా మీ చేతికి రాదు, కంపెనీ ఆస్తిలో కలిసి అందరి వంతుల్లోంచే మీ వంతు వస్తుంది.