అమెరికాలో రాసిన వీలునామాతో తెనాలి పొలం

మా మామయ్య న్యూజెర్సీలో వీలునామా రాసి తెనాలి దగ్గరి పొలం నాకిచ్చారు. ఆయన పోయాక పాస్‌బుక్‌లో పేరు మార్చబోతే, అమెరికా కాగితం ఇక్కడ చెల్లదని పెద్దమామయ్య అడ్డుపడ్డారు. అది తప్పు. ఎక్కడ రాసినా, ఇక్కడి భూమికి వర్తించేది మన చట్టమే. 1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం వీలునామా రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఉత్త నోటరీ ముద్ర మాత్రం సాక్షులకు బదులు కాదు.

సివిల్ కోర్టులో దావా వేశాం. అసలు టెన్షన్ రుజువు దగ్గరే. ఒరిజినల్ చూపించి, బతికున్న సాక్షుల్లో ఒక్కరితోనైనా చెప్పించాలి. అమెరికాలో ఉన్న సాక్షిని కోర్టు అనుమతితో వీడియోలో విచారించారు. "ఆయన మా ముందే సంతకం చేశారు, ఆయన చూస్తుండగానే మేమూ చేశాం" అన్న మాట మీదే అవతలి లాయరు గుచ్చిగుచ్చి అడిగాడు. సాక్షి తడబడలేదు. కోర్టు మాకు అనుకూలంగా ఇచ్చిన డిక్రీ కాపీ పెట్టాక తహసీల్దార్ ఆఫీసులో పేరు మార్చారు.