టెన్త్ చేతిలో ఉండగా టీచర్ ఉద్యోగం మానేయాల్సి వస్తే: సమస్య - పరిష్కారం

బెంగళూరు కేఆర్ పురం వైపు ఒక సీబీఎస్ఈ స్కూల్లో ఆరేళ్లు మ్యాథ్స్ చెప్పాను. మా ఆయనకు పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. ఏడాది మధ్యలో, రెండు టెన్త్ సెక్షన్లు చేతిలో ఉండగా మానేయాల్సి వచ్చింది. వారానికి నాకు 24 పీరియడ్లు: టెన్త్ ఏ, టెన్త్ బీ, నైన్త్ ఏ, సెవెన్త్ సీ, ఒక్కోదానికి ఆరు. ఎక్కడెక్కడ చిక్కు పడిందో, ఎలా విప్పుకున్నామో రాస్తున్నాను. మీది వేరే సబ్జెక్టయినా చిక్కులు దాదాపు ఇక్కడే వస్తాయి.

సమస్య: లెటర్ ఇచ్చి వారాలైంది, "ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాం" అంటున్నారు

నా మొదటి లెటర్‌లో "వీలైనంత త్వరగా రిలీవ్ చేయండి" అని రాశాను. అదే తప్పు. తేదీ లేని లెటర్ మీద ప్రిన్సిపాల్ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. జనవరిలో టెన్త్‌కు మ్యాథ్స్ టీచర్ దొరకరన్నది వాళ్ల భయం. అందుకే లెటర్ మూడు వారాలు ఫైల్లోనే ఉండిపోయింది.

ముందు అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి నోటీస్ పీరియడ్ ఎంతో చూడండి. ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉంటుంది, నాది రెండు నెలలు. తర్వాత బడి క్యాలెండర్‌లో తెంపు ఎక్కడ వస్తుందో వెతకండి. సీబీఎస్ఈ టెన్త్‌కు అలాంటి చోట్లు రెండే: హాఫ్ ఇయర్లీ మార్కులు ఎంట్రీ అయిన వెంటనే, లేదా మొదటి ప్రీ బోర్డు పేపర్లు దిద్దేసి క్రిస్మస్ సెలవులకు ముందు. జనవరి మొదలైతే ఇంటర్నల్ మార్కుల అప్‌లోడ్, ఫిబ్రవరి మధ్య నుంచి బోర్డు పరీక్షలు. ఆ నెలన్నరలో మాత్రం వెళ్లొద్దు. అక్టోబర్ 23న రెండో లెటర్ ఇచ్చాను, రిలీవింగ్ తేదీ డిసెంబర్ 23 అని స్పష్టంగా రాశాను. ఈమెయిల్ చేసి, కాగితం కాపీ మీద ఆఫీసు ఇన్‌వర్డ్ సీల్ కూడా వేయించుకున్నాను. లెటర్ ఎప్పుడు అందిందన్న వాదన వస్తే ఆ సీలే ఆధారం. నాలుగో రోజున ప్రిన్సిపాల్ మేడం పిలిచి మాట్లాడారు.

సమస్య: టీచర్ వెళ్లగానే ఒక్కో పీరియడ్‌కు ఒక్కొక్కరు వస్తున్నారు, పాఠం కదలడం లేదు

ఖాళీ అయిన పీరియడ్లను ఎవరికి ఫ్రీ ఉంటే వాళ్లకు సబ్‌స్టిట్యూషన్ కింద పంచేయడమే దీనికి కారణం. సోమవారం హిందీ మేడం, మంగళవారం పీటీ సార్. క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది గానీ ఆ సెక్షన్ ఎవరిదీ కాదు. మిగిలిన ఇద్దరు మ్యాథ్స్ టీచర్లకు అప్పటికే 26 పీరియడ్లున్నాయి. ఇంకో 12 ఎక్కించమంటే ఎవరి వల్లా కాదు.

మేం కొత్త టీచర్‌ను టెన్త్‌కు పెట్టలేదు. ఇంతకుముందు టెన్త్ చెప్పిన కొలీగ్‌కు నా రెండు టెన్త్ సెక్షన్లు ఇచ్చి, ఆమె దగ్గరున్న రెండు ఎయిత్ సెక్షన్లు నేను తీసుకున్నాను. పన్నెండుకు పన్నెండు, ఎవరికీ భారం పెరగలేదు. నేను వెళ్లాక ఖాళీ అయ్యేవన్నీ సెవెన్త్, ఎయిత్, నైన్త్ పీరియడ్లే. అలా చేస్తే నాలుగు సెక్షన్ల పిల్లలకు టీచర్ మారినట్టు అవుతుందని కొందరు ఒప్పుకోలేదు. నిజమే. అయినా ఎయిత్‌లో రెండు వారాలు పోతే మార్చిలోగా పూడ్చుకోవచ్చు, టెన్త్‌లో ఆ వీలుండదు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఈ మార్పు చివరి రోజున కాదు, మూడు వారాల ముందే జరగాలి. మొదట ఆమె తన ఫ్రీ పీరియడ్లలో వచ్చి ఒక్కో సెక్షన్‌లో రెండు క్లాసులు వెనక బెంచీలో కూర్చుని చూసింది. తర్వాత ఆమె చెప్తుంటే నేను కూర్చున్నాను. ఆఖరి వారం ఆమె అడిగిన వాటికి జవాబివ్వడమే నా పని.

అప్పగింత కాగితంలో "త్రికోణమితి అయింది" అని రాస్తే సరిపోదు. లెసన్ ప్లాన్ రిజిస్టర్‌లో నేనూ అలాగే రాశాను. నిజానికి టెన్త్ బీలో 8.3 అభ్యాసంలోని సర్వసమీకరణాల లెక్కలు సగమే అయ్యాయి. ఏ అభ్యాసంలో ఏ లెక్క దాకా వచ్చాం, ఏది ఇంటికిచ్చి చూడకుండా వదిలేశాం అన్నది సెక్షన్ వారీగా రాయండి. ఎవరు స్టాండర్డ్, ఎవరు బేసిక్ మ్యాథ్స్ రాస్తున్నారో ఆ జాబితా కూడా జతచేయండి. ప్రశ్నపత్రాలు వేరు, వాటికి ప్రాక్టీసూ వేరు.

సమస్య: ఇంటర్నల్ మార్కులు తేలడం లేదు

అన్నిటికన్నా పిల్లలకు నష్టం చేసేది ఇదే. టెన్త్ మ్యాథ్స్‌లో 80 బోర్డు పరీక్షకు, 20 స్కూలు చేతిలో. ఆ 20లో పీరియాడిక్ టెస్టులకు 5, మల్టిపుల్ అసెస్‌మెంట్‌కు 5, పోర్ట్‌ఫోలియోకు 5, ల్యాబ్ యాక్టివిటీలకు 5. టెస్టులు మూడు పెడితే మెరుగైన రెండింటి సగటు తీసుకుంటాం.

నా ఎక్సెల్ షీట్ తెరిస్తే టెన్త్ బీలో ఒక అమ్మాయి వరుస ఇలా ఉంది: మొదటి టెస్ట్ AB, రెండోది 40కి 36, మూడోది AB. మొదటిసారి స్కూలు తరఫునే ఆటల పోటీలకు వెళ్లింది, మూడోసారి డెంగీ. ఇవి నాకు తెలుసు, షీట్‌కు తెలియవు. కొత్తగా చూసేవాళ్లు AB అంటే సున్నా అనుకుంటే సగటు 18 అవుతుంది, అంటే 5కి 2.25. వెళ్లేలోపు ఆమెకు ఒక రీటెస్ట్ పెట్టాను, 34 వచ్చింది. సగటు 35, అంటే 5కి 4.4 దాకా. బోర్డుకు అప్‌లోడ్ చేసిన మార్కులను తర్వాత మార్చుకోలేం, కాబట్టి ఇది నా చేతిలో ఉన్నప్పుడే తేలాలి. ప్రతి AB పక్కన కారణం, తేదీ రాయండి. రీటెస్టులన్నీ రెండు వారాల ముందే ముగించండి.

పేపర్ల కట్టల సంగతి కూడా చెప్పాలి. స్టాఫ్‌రూమ్ బీరువాలో నా అరలో ప్రీ బోర్డు కట్ట ఉంది, 38 పేపర్లు. వాటిలో పదకొండు పేపర్లను ప్రశ్నపత్రంలోని సెక్షన్ సీ వరకే దిద్ది ఆపేశాను. సగం నేను, సగం ఇంకొకరు దిద్దితే స్టెప్ మార్కులు తేడా వస్తాయి, పిల్లలు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు. కట్టను మొత్తం దిద్దండి, లేదంటే పెన్ను పెట్టకుండా మార్కింగ్ స్కీమ్‌తో సహా అప్పగించండి. నేను రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేశాను. రెండో ప్రీ బోర్డుకు సెట్ చేసిన పేపర్‌ను సీల్డ్ కవర్లో ఎగ్జామ్ ఇన్‌చార్జ్‌కు ఇచ్చి, నా మెయిల్లో, ఫోన్లో ఉన్న కాపీలు తీసేశాను.

సమస్య: పిల్లలకు ముందే తెలిసిపోయింది, తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు

స్టాఫ్‌రూమ్ మాట క్లాసుకు చేరడానికి ఒక్క రోజు చాలు. ఎవరొస్తారో తేలకముందు చెప్తే టెన్షన్ మిగులుతుంది, మరీ దాచితే పుకారు ముందు చేరుతుంది. కొత్త టైమ్‌టేబుల్ ఖాయమైన రోజే, వచ్చే టీచర్‌ను పక్కన నిలబెట్టుకుని చెప్పాను. వెనక బెంచీ పిల్లవాడు అడిగింది ఒక్కటే, "మ్యామ్, డౌట్స్‌కి ఎవరి దగ్గరికి వెళ్లాలి?" ఆమె వెంటనే తన ఫ్రీ పీరియడ్లు బోర్డు మీద రాసింది.

సమస్య: వెళ్లిపోయాక కూడా మీ పేరు మీద డ్యూటీ వస్తోంది

బోర్డు పేపర్లు దిద్దేవాళ్ల పేర్లను సీబీఎస్ఈ OASIS పోర్టల్లో స్కూలు ఇచ్చిన టీచర్ల వివరాల నుంచి తీసుకుంటుంది. ఆఫీసు మీ పేరు తీయకపోతే మార్చిలో వ్యాల్యుయేషన్ ఆర్డర్ మీ పేరునే వస్తుంది. అప్పటికప్పుడు బదులు మనిషిని వెతకడం, రీజనల్ ఆఫీసుకు లెటర్ రాయడం స్కూలు తలకు చుట్టుకుంటుంది. నో డ్యూస్ ఫారమ్ మీద సంతకాలు పెట్టించుకునేటప్పుడే ఆఫీసు క్లర్క్ పక్కన నిలబడి ఆ పేరు తీయించండి. కొత్త టీచర్ వివరాలు ఎప్పుడు ఎక్కిస్తారో అడిగి, ఇన్విజిలేషన్ చార్ట్‌లో కూడా పేరు మార్పించండి. చివరి రోజు మధ్యాహ్నం నేను చేసిన ఆఖరి పని ఇదే. తర్వాత బీరువా తాళం నా టెన్త్ సెక్షన్లు తీసుకున్న కొలీగ్ చేతికిచ్చి బయటికొచ్చాను.