డబ్బు కట్ అయింది, గేమ్‌లో జెమ్స్ రాలేదు: ఎవరిని అడగాలి?

శుక్రవారం రాత్రి పది గంటలకి 449 రూపాయల జెమ్స్ ప్యాక్ కొన్నారనుకుందాం. ఆండ్రాయిడ్ ఫోన్, ప్లే స్టోర్, పేమెంట్ యూపీఐలో. పిన్ కొట్టారు, స్క్రీన్ కాసేపు తిరిగి తిరిగి గేమ్‌లోకి వచ్చింది, బ్యాంకు నుంచి మెసేజ్ కూడా వచ్చింది. జెమ్స్ మాత్రం పాత 120 దగ్గరే ఉన్నాయి. ఇక్కడ చాలామంది అదే ప్యాక్ మళ్లీ కొనేస్తారు. ఆ పని మాత్రం చేయొద్దు, ముందు డబ్బు ఎక్కడ ఆగిందో చూడండి.

ప్లే స్టోర్‌లో పైన మీ ఫొటో నొక్కి Payments & subscriptions, అందులో Budget & history తెరవండి. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ అకౌంట్లు ఉంటే ఒక్కోదానిలోకి మారి చూడండి, ఆర్డర్ చాలాసార్లు మనం అనుకోని అకౌంట్ కింద దొరుకుతుంది.

ఆర్డరే కనిపించకపోతే, లేదా పేమెంట్ ఫెయిల్ అని ఉంటే

డబ్బు గూగుల్ దాకా చేరలేదు, బ్యాంకుల మధ్యే ఇరుక్కుంది. గేమ్ వాళ్లకి ఎంత రాసినా లాభం లేదు. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే కంప్లయింట్ పెట్టండి. 2019 సెప్టెంబర్‌లో ఆర్బీఐ ఇచ్చిన రూల్ ప్రకారం ఖాతాలో డబ్బు కట్ అయి వ్యాపారికి కన్ఫర్మేషన్ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోపు బ్యాంకు దానంతటదే వెనక్కి వేయాలి, అది దాటితే రోజుకి 100 రూపాయలు కస్టమర్‌కి ఇవ్వాలి. ఆర్డర్ పెండింగ్‌లో ఉంటే మాత్రం కాస్త ఆగండి, పేమెంట్ ఖరారయ్యేదాకా గేమ్ ఐటమ్ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా.

ఆర్డర్ ఉంది, GPA. తో మొదలయ్యే నంబర్ ఉంది, ఐటమ్ లేదు

అసలు తలనొప్పి ఇదే. డబ్బు అందిన సంగతి ప్లే స్టోర్ గేమ్‌కి చెబుతుంది, గేమ్ ఐటమ్ వేసి "అందింది" అని తిరిగి చెప్పాలి. పేమెంట్ యాప్ నుంచి వెనక్కి వచ్చే సమయంలో నెట్ పోయినా, గేమ్ మూసుకుపోయినా ఈ మాటామంతీ మధ్యలో తెగిపోతుంది. అదే ప్యాక్ నొక్కితే ఇది మీ దగ్గర ఇప్పటికే ఉంది అన్న అర్థంలో మెసేజ్ వస్తే, జరిగింది ఇదేనని దాదాపు ఖాయం.

గేమ్‌ని ఫోర్స్ స్టాప్ చేసి, కొన్న అకౌంటే ప్లే స్టోర్‌లో ఉందని చూసుకుని మళ్లీ తెరవండి. సరిగ్గా రాసిన గేమ్ తెరుచుకోగానే మిగిలిపోయిన కొనుగోళ్లు ఉన్నాయా అని ప్లే స్టోర్‌ని అడిగి జెమ్స్ వేసేస్తుంది. కావాలంటే క్యాష్ క్లియర్ చేయండి కానీ డేటా జోలికి వెళ్లొద్దు, గెస్ట్‌గా ఆడుతుంటే మీ ఆటంతా పోతుంది.

అయినా రాలేదా? గేమ్ నుంచి "అందింది" అన్న కబురు మూడు రోజుల్లో ప్లే స్టోర్‌కి వెళ్లకపోతే గూగుల్ ఆ ఆర్డర్‌ని తనే రద్దు చేసి డబ్బు వెనక్కి పంపుతుంది. మూడు రోజులు దాటినా ఆర్డర్ రద్దు కాలేదంటే గేమ్ ఆ కబురు పంపేసింది, తప్పు వాళ్ల వైపే ఉంది, లేదా జెమ్స్ మీ ఇంకో ప్లేయర్ ఐడీలో పడ్డాయి.

చిక్కేమిటంటే, గూగుల్‌ని నేరుగా రీఫండ్ అడగడానికి గడువు 48 గంటలే. మూడు రోజులు చూద్దాంలే అని కూర్చుంటే అది కాస్తా దాటిపోతుంది. అందుకే మన ఉదాహరణలో శనివారం పొద్దున్నే గేమ్ వాళ్లకి మెయిల్ పెట్టండి. ప్లే స్టోర్‌లో ఆ గేమ్ పేజీలో కిందికి వెళ్తే వాళ్ల మెయిల్ ఐడీ ఉంటుంది. GPA నంబర్, ప్లేయర్ ఐడీ, కొన్న టైమ్, జెమ్స్ ఎన్ని ఉన్నాయో చూపించే స్క్రీన్‌షాట్, ఇవి చాలు, పెద్ద వ్యాసం అక్కర్లేదు. ఆదివారం సాయంత్రానికీ ఉలుకూ పలుకూ లేకపోతే రాత్రి పదిలోపు play.google.com/store/account లో ఆ ఆర్డర్ పక్కన Report a problem నొక్కి, కొన్నది అందలేదని రాసి రీఫండ్ అడగండి. జవాబు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో వస్తుంది.

గడువు దాటిపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. ఆ GPA నంబర్‌తో గేమ్ వాళ్లు తమ వైపు నుంచే రీఫండ్ కొట్టగలరు. "గూగుల్‌ని అడగండి" అని తప్పించుకోబోతే ఈ మాట గట్టిగా చెప్పండి.

ఐఫోన్ అయితే reportaproblem.apple.com లో అడగాలి. ఛార్జ్ ఇంకా పెండింగ్‌లో ఉంటే అక్కడ రీఫండ్ అడగనివ్వదు, పూర్తయ్యాక మళ్లీ చూడండి.

ఇక గూగుల్‌లో వెతికితే దొరికే "కస్టమర్ కేర్" ఫోన్ నంబర్లు చాలావరకు మోసాలే. రీఫండ్ వేయడానికి యూపీఐ పిన్ కొట్టమన్నారంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు.