వరంగల్ నుంచి గ్రైండర్ తీసుకెళ్తున్నారా? ముందు 50 హెర్ట్జ్ సంగతి చూడండి

హన్మకొండలో కొన్న గ్రైండర్ అడుగున చిన్న ప్లేటు ఉంటుంది. దాని మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. 50 హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుందని. విదేశాలకు వెళ్లేవాళ్లు వోల్టులు చూస్తారు గానీ హెర్ట్జ్ సంగతి పట్టించుకోరు. పిండి వేడెక్కే సమస్య చాలావరకు అక్కడే మొదలవుతుంది.

దుబాయ్, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకు ఇబ్బంది లేదు. అక్కడా 50 హెర్ట్జే కాబట్టి ప్లగ్గు మారిస్తే చాలు. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. కరీంనగర్, జగిత్యాల నుంచి సౌదీ వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ 230 వోల్టులు ఉన్నా, హెర్ట్జ్ మాత్రం 60.

మా చెల్లె డల్లాస్‌కు రెండు లీటర్ల గ్రైండర్ తీసుకెళ్లింది. వోల్టులు పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొని దానికి పెట్టింది. ఇంట్లో ఎప్పుడూ వేసినట్టే మినపపప్పు వేస్తే, పిండి గోరువెచ్చగా అయిపోయి, పొంగాల్సినంత పొంగలేదు. "అక్కా, మోటారు పాడైందేమో" అని వీడియో కాల్ చేసింది. గిన్నె అడుగు భాగం మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. అది చల్లగానే ఉంది, పిండి మాత్రం వేడిగా ఉంది. అంటే వేడి మోటారు నుంచి రావడం లేదు, రాళ్ల మధ్యలో పుడుతోంది.

గ్రైండర్ మోటారు వేగం వోల్టుల కన్నా ఎక్కువగా హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చలేదు. ఇక్కడ నిమిషానికి 100 సార్లు తిరిగే గిన్నె అక్కడ దాదాపు 120 సార్లు తిరుగుతుంది. రాయికీ రాయికీ, రాయికీ పిండికీ మధ్య రాపిడి పెరుగుతుంది. పైగా మినపపిండి జిగట. అది చిక్కబడేకొద్దీ తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి, ఆ శక్తంతా చివరికి వేడిగానే పిండిలోకి వెళ్తుంది. వేడెక్కిన పిండిలో గాలి సరిగా నిలవదు, పులుపు కూడా తొందరగా ఎక్కుతుంది. మిక్సీలో పిండి కాలినట్టు అవడానికి కారణం కూడా ఇదే, అక్కడ బ్లేడు ఇంకా ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది.

చెల్లెకు నేను చెప్పినవి ఇవి. పప్పు నానే చివరి గంట ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. ఫ్రిజ్ నీళ్లే వాడమన్నాను, ఒకేసారి పోయకుండా రెండు మూడు చెంచాల చొప్పున, పిండి గిన్నె గోడకు అంటుకుని తిరగడం తగ్గినప్పుడల్లా పోయమన్నాను. రెండు కప్పుల పప్పుకు బదులు ఒకటిన్నర కప్పు వేయమన్నాను. రాళ్లను నొక్కిపట్టే స్క్రూ ఉన్న మోడల్ కాబట్టి దాన్ని పావు చుట్టు వదులు చేయమన్నాను. పది నిమిషాలు తిప్పి, అంతే సేపు ఆపి, మళ్లీ తిప్పమన్నాను. వేలు పెడితే చల్లగా తగలాలి. చిన్న పిండి ముద్దను నీళ్లలో వేస్తే తేలాలి. అది తేలిందంటే సమయం ఎంతైందన్న లెక్క అక్కర్లేదు, ఆపేయవచ్చు. ఆ వారం పిండి బాగానే పొంగింది. అయినా నా మాట అడిగితే, అమెరికాలో ఎక్కువ కాలం ఉండేవాళ్లు 110-120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారైన గ్రైండరే కొనుక్కోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్జ్ మారదు కాబట్టి మోటారు మీద అదనపు భారం తప్పదు.

ట్రాన్స్‌ఫార్మరే వాడాలంటే, 150 వాట్ల గ్రైండర్‌కు 150 వాట్లది సరిపోదు. మోటారు మొదలయ్యేటప్పుడు చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. 500 వాట్లది తీసుకోండి. గిన్నెలో పప్పు నింపాక స్విచ్ వేయకండి. ముందు కొంచెం నీళ్లతో తిప్పి, తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడు వేయండి. తిరగకుండా 'గుర్‌ర్' అని మోగుతుంటే వెంటనే ఆపేయండి. రాయి చిక్కుకుని ఉండొచ్చు, మోటారు తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. అలాగే వదిలితే మోటారు లోపలి తీగల చుట్ట, అంటే వైండింగ్, కాలుతుంది.

మోటారు నుంచి గిన్నెను తిప్పే బెల్టు సంగతి కూడా చూసుకోండి. మోటారు తిరుగుతూ పిండి పడగానే గిన్నె మందగిస్తే, రబ్బరు కాలిన వాసన వస్తే, అడుగున నల్లటి పొడి రాలితే బెల్టు జారుతున్నట్టే. ప్లగ్గు తీసి, అడుగు మూత విప్పి, బెల్టు మధ్యలో వేలితో నొక్కండి. సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోవాలి. మరీ వదులైతే మోటారు స్క్రూలు కొంచెం వదులు చేసి మోటారును జరిపి మళ్లీ బిగించండి. మరీ బిగిస్తే బేరింగుల మీద భారం పడి మోటారు వేడెక్కుతుంది, అప్పుడు గిన్నె అడుగు కూడా వెచ్చబడుతుంది. బెల్టుకు నూనె అస్సలు రాయకండి. దాని మీద ఉన్న నంబరు ఫోటో తీసుకుని, బయల్దేరే ముందే వరంగల్‌లో రెండు బెల్టులు కొని పెట్టెలో వేసుకోండి. అక్కడ అదే కొలత దొరకడం కష్టం.

కొత్త రాయికైతే మొదట నానబెట్టిన బియ్యం కొద్దిగా వేసి తిప్పి పారబోయండి. పిండిలో బూడిదరంగు పోయేదాకా ఇలా చేయాలి. ఖాళీ రాళ్లను నీళ్లు లేకుండా తిప్పితే అవి అరుగుతాయి. పని అయిన వెంటనే కడగండి, మినపపిండి ఎండితే సిమెంటులా పట్టుకుంటుంది. గిన్నె మధ్య ఇరుసు మీదికి నీళ్లు పోయకుండా గుడ్డతో తుడవండి. రాళ్లు విడిగా ఆరాకే లోపల పెట్టండి.